దేని సగటు? దేని మూలం?

"ఈ బస్సు అమలాపురం నుంచి సరాసరి రాజమండ్రి వెళ్తుంది" అంటే మధ్యలో బస్సు మారే పని లేదని అర్థం. "ఈ దాళ్వాకి ఎకరాకి సరాసరి నలభై బస్తాలు పడింది" అంటే పండిన బస్తాలన్నీ కూడి, సాగుచేసిన ఎకరాలతో భాగించగా వచ్చిన లెక్క. ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే పూట అంటాడు. వినేవాళ్ళకి ఏ తికమకా ఉండదు, ఎందుకంటే మొదటిదాని పక్కన బస్సు, ఊళ్ళు ఉన్నాయి, రెండోదాని పక్కన బస్తాలు, ఎకరాలు ఉన్నాయి.

లెక్కల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పిల్లలకి ఈ సదుపాయం పోతుంది. అక్కడి వాక్యం పొట్టిది, చుట్టూ సందర్భం ఉండదు, మాట మాత్రం ఇంట్లో విన్నదే. పైగా మన పిల్లలకి ఈ మాటలు రెండు వైపుల నుంచీ వస్తాయి. తెలుగులో సగటు, లబ్ధం, ఘాతం, మూలం. ఇంగ్లీషులో మీన్, ప్రొడక్ట్, పవర్, రూట్. ఇంగ్లీషు మాటలకి కూడా మన ఊళ్ళల్లో వేరే కాపురాలున్నాయి. పవర్ అంటే కరెంటు, ప్రొడక్ట్ అంటే కొట్లో సరుకు, రూట్ అంటే బస్సు వెళ్ళే దారి. పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్నా, రెండో పేజీ మొదటి పేజీ చిక్కును తీర్చదు. ఒక్కోసారి ఇంకో చిక్కు కలుపుతుంది.

దీనికి ఒక పరీక్ష ఉంది. లెక్కల్లో ఈ నాలుగు మాటల్లో ఏదీ ఒంటరిగా రాదు. సగటు అంటే వేటి సగటు అన్నది ఉండాలి. లబ్ధం అంటే వేటి లబ్ధం, ఘాతం అంటే దేనికి ఎన్నో ఘాతం, మూలం అంటే దేని మూలం అన్నది ఉండాలి. ఆ "దేని" అన్న చోట ఒక సంఖ్యో, కొలవగలిగిన రాశో, సమీకరణమో కనిపిస్తే అది లెక్కల మాట. "గొడవకి మూలం", "కష్టార్జితంతో లబ్ధి" లాంటి చోట్ల ఆ స్థానంలో గొడవ, కష్టం ఉన్నాయి. వాటిని కాగితం మీద అంకెగా వేయలేం కాబట్టి అది ఇంటి మాట. ఇంగ్లీషులో ఈ తోడు "ఆఫ్" తర్వాత వస్తుంది. "ద మీన్ ఆఫ్", "ద ప్రొడక్ట్ ఆఫ్" అని ఉన్నచోట ఆఫ్ తర్వాత ఏముందో చూడాలి. ఆఫ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. "ద ప్రొడక్ట్ ఆఫ్ దిస్ కంపెనీ"లోనూ ఆఫ్ ఉంది, దాని తర్వాత సంఖ్య లేదు.

ఈ పరీక్ష మొదటి మెట్టు మాత్రమే. అసలు నష్టం జరిగేది దాని తర్వాత, మాట లెక్కలదేనని తేలాక కూడా ఇంటి అర్థం లోపల కూర్చుని జవాబును పక్కకి లాగినప్పుడు.

సగటు: తోడు మారితే జవాబు మారుతుంది

"సగటు రైతు" అన్నప్పుడు మన మనసులో మెదిలేది మామూలు రైతు, ఊళ్ళో ఎక్కువమంది ఎలా ఉంటారో అలాంటివాడు. లెక్కల సగటుకి మామూలుతనంతో పని లేదు. ఐదుగురు రైతులకి 1, 1.5, 2, 2.5, 23 ఎకరాలు ఉన్నాయనుకుందాం. మొత్తం 30 ఎకరాలు, సగటు 6. ఆ ఐదుగురిలో ఆరెకరాలున్నవాడు ఒక్కడూ లేడు, దరిదాపుల్లో కూడా ఎవడూ లేడు. మామూలు రైతు ఎవరని అడిగితే చెప్పాల్సింది వరసలో నడిమి విలువ, అంటే 2 ఎకరాలు. పుస్తకం దాన్ని మధ్యగతం అంటుంది. "సగటు 6" అని సరిగ్గానే లెక్కకట్టిన పిల్లవాడు, ఆ తర్వాతి ప్రశ్నకి "కాబట్టి ఎక్కువమందికి ఆరెకరాలున్నాయి" అని రాస్తే, అతను భాగహారంలో తప్పలేదు, మాటలో తప్పాడు.

ఇంతకంటే లోతైన చిక్కు రొయ్యల కౌంటులో ఉంది. డెల్టాలో చెరువుల దగ్గర పెరిగిన పిల్లలకి కౌంటు తెలుసు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. వంద కౌంటు అంటే కిలోకి వంద, ఒక్కోటి 10 గ్రాములు. యాభై కౌంటు అంటే ఒక్కోటి 20 గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, కిలో ధర ఎక్కువ. ఇప్పుడు ఒక రైతు రెండు చెరువులు పట్టాడు. మొదటి చెరువులో 50 కౌంటు సరుకు 600 కిలోలు, రెండో చెరువులో 100 కౌంటు సరుకు 200 కిలోలు. మొత్తం మీద సగటు కౌంటు ఎంత?

చాలామంది చేయి వెంటనే 50, 100 కూడి రెండుతో భాగించి 75 అని రాస్తుంది. అది తప్పు. "కౌంటు" అన్న మాటలోనే దాని తోడు దాగి ఉంది, కిలోకి ఇన్ని అని. కాబట్టి సగటు కౌంటు అంటే మొత్తం రొయ్యలు భాగించు మొత్తం కిలోలు. మొదటి చెరువులో 600 × 50 = 30,000 రొయ్యలు. రెండో చెరువులో 200 × 100 = 20,000 రొయ్యలు. మొత్తం 50,000 రొయ్యలు, 800 కిలోలు. 50,000 ÷ 800 = 62.5. సగటు కౌంటు 62.5.

75 ఎప్పుడు సరైన జవాబవుతుంది? రెండు చెరువుల్లోనూ కిలోలు సమానంగా పడితే. చెరో కిలో తీసుకుంటే 150 రొయ్యలు, 2 కిలోలు, కౌంటు 75. మరి రెండు చెరువుల్లోనూ సమానంగా ఉన్నది కిలోలు కాక రొయ్యల సంఖ్య అయితే? చెరో వంద రొయ్యలు తీసుకుందాం. మొదటివి 2 కిలోలు తూగుతాయి, రెండోవి 1 కిలో. 200 రొయ్యలు, 3 కిలోలు, కౌంటు 66.7 దగ్గర. చెరువులు అవే, 50, 100 అన్న అంకెలూ అవే. సగటు మూడు రకాలుగా వచ్చింది. అందుకే "కిలోకి", "ఎకరాకి", "గంటకి" అని కి ఉన్న రాశికి సగటు అడిగితే కూడికకి ముందు ఆ "కి" ఉన్న మాటను వెతకాలి. అదే కింద ఉండాల్సిన భాజకం. గంటకి ఇన్ని కిలోమీటర్ల సగటు వేగంలో పిల్లలు చేసే తప్పూ సరిగ్గా ఇదే. వేగాలు కూడి రెండుతో భాగిస్తారు, గంటలు సమానమా కాదా అని చూడరు.

లబ్ధం

లబ్ధం అంటే దొరికినది. పథకాల పుణ్యమా అని లబ్ధి, లబ్ధిదారులు అన్న మాటలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఇంట్లో ఆ మాటకి ఎప్పుడూ పెరగడమే అర్థం. ఆ అలవాటుతో లబ్ధం కూడా ఎప్పుడూ పెద్దదే కావాలన్న నమ్మకం కుదురుకుంటుంది. 8, 1/2ల లబ్ధం 4 అని వచ్చినప్పుడు పిల్లలు తమ జవాబును తామే అనుమానించి, కొట్టేసి, 16 అని దిద్దుకోవడం ఈ నమ్మకం వల్లే. ఒకటికి తక్కువైన సంఖ్యతో గుణిస్తే లబ్ధం తగ్గుతుంది. సున్నాతో గుణిస్తే అంతా పోతుంది.

ఇంకో తప్పు చిన్నదే గానీ తరచూ కనిపిస్తుంది. "5 మరియు 4ల లబ్ధం" అని ఉంటే 9 అని రాస్తారు. కారణం మరియు. ఇంటి భాషలో "ఇదీ అదీ" అంటే రెండూ కలిపి అని. ఇక్కడ మరియు పని తోడుగా ఉన్న రెండు సంఖ్యల్నీ చూపించడం వరకే, వాటిని ఏం చేయాలో చెప్పేది లబ్ధం. ఇంగ్లీషు వాక్యంలో అండ్ కూడా ఇంతే.

ఘాతం, లేదా పవర్

పవర్ విషయంలో ఇంటి అర్థం చేసే నష్టం ఎక్కువ, ఎందుకంటే అక్కడ కూడా పవర్ పక్కన అంకె ఉంటుంది. మొదటి పరీక్ష ఇక్కడ దాదాపు చేతులెత్తేస్తుంది. కాలువ మీద బిగించిన 5 హెచ్‌పి మోటారు 1 హెచ్‌పి మోటారుకి ఐదు రెట్లు. కళ్ళజోడుకి "మైనస్ రెండు పవర్" అంటారు. చూపు బాగున్నవాళ్ళు ఎండకో దుమ్ముకో పెట్టుకునేది "జీరో పవర్" అద్దాలు, అంటే పవర్ ఏమీ లేనివి. ఈ మూడు వాడకాలూ వరసగా మూడు తప్పుల్ని పుట్టిస్తాయి.

మోటారు లెక్క పట్టుకుంటే 2³ అన్నది రెండుకి మూడు రెట్లు, 6 అవుతుంది. కళ్ళజోడు లెక్క పట్టుకుంటే 2⁻² అన్నది మైనస్ 4 అవుతుంది. జీరో పవర్ అద్దాల లెక్క పట్టుకుంటే 2⁰ అన్నది 0 అవుతుంది. ఈ మూడు జవాబులూ దిద్దే కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మూడూ వేర్వేరు అజాగ్రత్తల్లా కనిపించినా, వేరు ఒక్కటే. పవర్ పక్కనున్న అంకె బలం ఎంతో చెబుతుందనుకోవడం.

లెక్కల్లో ఆ అంకె చేసే పని ఎన్నిసార్లు అని చెప్పడం. 2³ అంటే మూడు రెండ్లను పేర్చి గుణించడం, 2 × 2 × 2 = 8. కింద ఉన్న 2 భూమి, పైన ఉన్న 3 ఘాతాంకం, వచ్చిన 8 ఆ రెండింటి వల్ల ఏర్పడిన ఘాతం. మాట్లాడేటప్పుడు పైనున్న 3నే పవర్ అనేస్తాం, అందువల్ల జవాబు 8కి పేరే లేకుండా పోతుంది. ఘాతాంకం, ఘాతం అని వేరువేరుగా పలికించడం విసుగనిపించినా చేయించాల్సిన పని.

సున్నా, మైనస్ ఘాతాంకాలకి ఒకే మెట్ల వరస చాలు. 2³ = 8, 2² = 4, 2¹ = 2. ఒక మెట్టు దిగిన ప్రతిసారీ విలువ సగమవుతోంది. ఇంకో మెట్టు దిగితే 2⁰, దాని విలువ 2లో సగం, 1. ఇంకోటి దిగితే 2⁻¹ = 1/2, ఆపైన 2⁻² = 1/4. వరస ఎక్కడా సున్నాని తాకదు, సున్నా కిందకి పోదు. ఘాతాంకం ముందున్న మైనస్ దిగే దిక్కును చెప్పింది, జవాబుకి గుర్తు పెట్టలేదు. వరస మొత్తం ఒకసారి చేత్తో రాసినవాళ్ళు 2⁰ దగ్గర సున్నా రాయడం మానేస్తారు, ఎందుకంటే 2కీ 1/2కీ మధ్య సున్నా ఇమడదని కంటికే కనిపిస్తుంది.

"దేనికి" అన్న ప్రశ్న ఇక్కడ ఇంకో చోట అక్కరకొస్తుంది. (−3)²లో రెండో ఘాతం బ్రాకెట్టు మొత్తానికి, కాబట్టి 9. −3²లో రెండో ఘాతం 3కి మాత్రమే, మైనస్ బయట నిలబడి ఉంది, కాబట్టి −9.

భూమి అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. త్రిభుజానికీ భూమి ఉంది. మన భూమి ఎప్పుడూ కాళ్ళ కిందే ఉంటుంది గనక, పిల్లలు బొమ్మలో అడుగున ఉన్న భుజాన్నే భూమి అంటారు. త్రిభుజంలో ఏ భుజాన్నైనా భూమిగా తీసుకోవచ్చు. దానికి జతగా తీసుకునే ఎత్తు మాత్రం ఆ భుజానికే లంబంగా ఉండాలి. భుజాలు 6, 8, 10 ఉన్న లంబకోణ త్రిభుజాన్ని 10 అడుగున ఉండేలా గీసి ఇస్తే, చాలామంది 10 × 8ని సగం చేసి 40 అంటారు. 10 భూమి అయితే దాని ఎత్తు 4.8, వైశాల్యం 24. భూమి 6, ఎత్తు 8 తీసుకున్నా అదే 24.

మూలం: లెక్కల్లోనే రెండు

మిగతా మూడు మాటల్లో ఇంటి అర్థానికీ లెక్కల అర్థానికీ మధ్య పోటీ. మూలంలో లెక్కల లోపలే ఇద్దరున్నారు. సంఖ్యకి మూలం ఒకటి, వర్గమూలం, ఘనమూలం లాంటివి. సమీకరణానికి మూలం ఇంకొకటి. ఇంగ్లీషులోనూ రెండూ రూట్లే. పదో తరగతిలో వర్గ సమీకరణాలు వచ్చేదాకా ఈ తేడా బయటపడదు. వచ్చాక రెండూ ఒకే వరసలో కనిపిస్తాయి.

ఒక చేపపిల్లల చెరువు తీసుకుందాం. పొడవు వెడల్పు కంటే 10 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 1200 చదరపు మీటర్లు, అంటే దాదాపు 30 సెంట్లు. వెడల్పు ఎంత? వెడల్పు x అనుకుంటే x(x + 10) = 1200. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. కొందరు x = 1200, లేదా x + 10 = 1200 అని విడగొట్టేస్తారు. రెండింటి లబ్ధం సున్నా అయితే ఒకటి సున్నా కాక తప్పదు, అందుకే విడగొట్టొచ్చు. లబ్ధం 1200 అయితే ఆ సుగుణం లేదు. 30 × 40 కావచ్చు, 20 × 60 కావచ్చు. అందుకే ముందు అంతా ఒక వైపుకి తెచ్చి x² + 10x − 1200 = 0 అని రాసుకోవాలి. ఇప్పుడు సూత్రం పెడితే:

x = (−10 ± √(100 + 4800)) / 2 = (−10 ± √4900) / 2 = (−10 ± 70) / 2

x = 30 లేదా x = −40.

ఈ వరసలో √4900 అన్నది సంఖ్యకి మూలం. దాని విలువ 70, ఒక్కటే. 30, −40 అన్నవి సమీకరణానికి మూలాలు, రెండు. రెండో మూలం ఎక్కడి నుంచి వచ్చింది? √ గుర్తులోంచి రాలేదు, దాని ముందున్న ± లోంచి వచ్చింది. √ గుర్తే రెండు విలువలూ ఇచ్చేటట్టయితే సూత్రంలో ± పెట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. √49 = ±7 అని రాసే పిల్లలకి ఈ వాక్యం చాలావరకు పనిచేస్తుంది.

49కి రెండు వర్గమూలాలున్నాయన్నది నిజమే, 7 కూడా −7 కూడా వర్గం చేస్తే 49. √ గుర్తు మాత్రం వాటిలో ధనాత్మకమైనదాన్నే పట్టుకోవాలని ఒప్పందం. ఈ ఒప్పందం లేకపోతే √9 + √16 అన్న చిన్న కూడికకి 7, 1, −1, −7 అని నాలుగు జవాబులొస్తాయి, ఇక దేన్నీ దేనితోనూ కూడలేం. కాబట్టి "√49 విలువ ఎంత" అంటే 7. "x² = 49 మూలాలేమిటి" అంటే 7, −7. ప్రశ్నలో సమం గుర్తూ, తెలియని అక్షరమూ ఉన్నాయా అని చూస్తే ఏ మూలమో తేలిపోతుంది.

ఇంకో మెట్టు మిగిలింది. చెరువు వెడల్పు −40 మీటర్లు ఉండదు. అలాగని −40 తప్పు మూలం కాదు. సమీకరణంలో పెట్టి చూడండి: 1600 − 400 − 1200 = 0. సరిగ్గా సరిపోయింది. మూలం అంటే సమీకరణాన్ని నిజం చేసేది, అంతవరకే. చెరువు గురించి సమీకరణానికి ఏమీ తెలియదు. పొడవు, వెడల్పు, వయసు, మనుషుల లెక్క ఇవన్నీ ధనాత్మకంగా ఉండాలన్న షరతు మాటల ప్రశ్నలో ఉంది, కాబట్టి చివర ఆ ప్రశ్న దగ్గరికే తిరిగి వెళ్ళాలి. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తన బీజగణితంలో ఇలాంటి పనే చేశాడు. కోతుల గుంపు మీద ఒక లెక్కకి 50, 5 అని రెండు విలువలు కట్టి, 5 పెడితే గుంపులో ఐదో వంతులోంచి మూడు తీసేసే చోట రుణ సంఖ్య వస్తుంది గనక, రెండోది అక్కడ పొసగదని వదిలేశాడు. జవాబు కాగితంలో కూడా ఇలాగే రాయించాలి: మూలాలు 30, −40, వెడల్పు రుణాత్మకం కాదు గనక వెడల్పు 30 మీటర్లు, పొడవు 40 మీటర్లు. −40ని రాయకుండా మింగేసినా, వెడల్పు రెండు రకాలని రాసినా మార్కు పోతుంది.

పిల్లలకి అలవాటు చేయించడానికి లెక్కలు ఇవ్వక్కర్లేదు, వాక్యాలు ఇచ్చి తోడు మాట కింద గీత గీయించాలి. "ఈ గొడవకి మూలం చెరువు గట్టు" అన్నదాంట్లో తోడు గొడవ, ఇంటి మాట. "1200 చదరపు మీటర్ల చెరువు సమీకరణానికి మూలాలు రెండు" అన్నదాంట్లో తోడు సమీకరణం. కాస్త కష్టమైనది కావాలంటే ఇది: "సగటు రైతు సార్వాకి ఎకరాకి సగటున ఎంత ఖర్చు పెడతాడు?" మొదటి సగటుకి తోడు లేదు, అది మామూలు రైతని చెప్పే ఇంటి మాట. రెండో సగటుకి ఖర్చూ ఎకరాలూ రెండూ ఉన్నాయి, మొత్తం ఖర్చును మొత్తం ఎకరాలతో భాగించాలి.